ప్రతి వాక్యం కిందా ఒక కాగితం

సాకేత్‌లో మా ఆఫీసు నాలుగో అంతస్తులో, ప్రింటరు పక్కన ఒక చిన్న బల్ల ఉంటుంది. మంగళవారం, గురువారం దాని వెనక ఒక మనిషి కూర్చుంటాడు. మా కంపెనీ టికెట్లూ వీసాలూ చూసే ట్రావెల్ ఏజెన్సీ వాళ్ళు పంపిన మనిషి. యాభై దాటిన వయసు, మీరట్ వైపు యాస, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. పాతాయన మానేశాక ఈయన వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఎవరి సంగతులూ ఈయనకి తెలియవు, తెలుసుకోవాలన్న ఆత్రం కూడా ఉన్నట్టు కనిపించేది కాదు.

ఈయన పని తీరు గురించి ఆఫీసులో జోకులు ఉండేవి. వీసా కోసం మనం రాసుకునే కవరింగ్ లెటర్ ఉంటుంది కదా, ఎందుకు వెళ్తున్నాం, ఎన్నాళ్ళుంటాం, ఖర్చు ఎవరిది, మళ్ళీ ఎందుకు తిరిగొస్తాం అని. దాన్ని ఆయన తీసుకుని ఊరుకోడు. మన కాగితాలన్నీ బల్ల మీద పేక ముక్కల్లా పరిచి, ఉత్తరాన్ని ఒక్కో వాక్యం పైకి చదువుతాడు. ఆ వాక్యానికి రుజువు ఏ కాగితంలో ఉందో మనం వేలు పెట్టి చూపించాలి. చూపిస్తే పెన్సిల్‌తో టిక్కు. లేకపోతే కాగితమైనా తేవాలి, వాక్యమైనా కొట్టేయాలి. సేల్స్ వాళ్ళు దాన్ని వేలిముద్రల కార్యక్రమం అని ఎగతాళి చేసేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. అప్పట్లో నవ్వాల్సిన చోట నవ్వడం నాకు బాగానే వచ్చేది.

నా వృత్తి ఇతరుల పనిలో తప్పులు పట్టడం. మా కంపెనీ నీటి మీటర్లు తయారుచేస్తుంది, అవి సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసే విభాగం నాది. జర్మనీలో ఒక సంస్థ మా కోసం కొత్త పరీక్ష యంత్రం కట్టింది. అది ఎలా ఉండాలో ఏడాదిపాటు కూర్చుని రాసింది నేను. ఓడ ఎక్కించే ముందు అక్కడికెళ్ళి, ఐదు రోజులు దాన్ని నడిపి చూసి, బాగుందని సంతకం పెట్టాలి. ఆ సంతకం ఎవరు పెడితే యంత్రం వాళ్ళదవుతుంది, వచ్చే మూడేళ్ళ పని వాళ్ళదవుతుంది.

మా బాసుది కరీంనగర్. మనసు మంచిది, అదే ఇబ్బంది. నెల ముందు నన్ను గదిలోకి పిలిచి, తలుపు మూసి, "నీకెందుకమ్మా ఇప్పుడు ఈ తిప్పలు? వీసా ఉన్నది కదా ఆయనకు, ఆయన పోయి చూసొస్తడు. నువ్వు పాపను చూస్కో," అన్నాడు. ఆ 'ఆయన' నా కింద పనిచేసే సహోద్యోగి. సమర్థుడే, ఏడాదికి సరిపడా వీసా కూడా పాస్‌పోర్టులో సిద్ధంగా ఉంది.

"నేను వెళ్తానండీ," అన్నాను.

"మల్ల ఆలోచించుకో. వీసా టైముకు రాకుంటె మాత్రం ఆయన్నే పంపుత. మిషన్ ఆగదు."

వీసా పని మొదలయ్యే నాటికి నా భర్త పోయి అయిదు నెలలు. ఉదయం ఆఫీసుకు బయల్దేరి, మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ముందు నిలబడి, అక్కడే కూలిపోయారు. అంతే, దానికి ముందూ వెనకా చెప్పడానికి ఏమీ లేదు. పదిహేనో రోజున నేను ఆఫీసుకు వచ్చేశాను. ఆ రోజు నుంచి అందరూ నన్ను అన్నిటి నుంచీ మినహాయిస్తూ వచ్చారు. ఫ్యాక్టరీకి వెళ్ళక్కర్లేదు, సాయంత్రం మీటింగులకు ఉండక్కర్లేదు, మాట గట్టిగా అనేవాళ్ళు లేరు. ఇంకొన్నాళ్ళు ఇలాగే మినహాయిస్తే చివరికి నన్నే మినహాయిస్తారని నాకు తెలుసు. అందుకే వెళ్ళాలి. బాధ వల్ల కాదు, పౌరుషం వల్ల కూడా కాదు. ఇంట్లో సంపాదించే మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే.

బాధ గురించి అడిగితే నిజం చెప్పాలి. నాకు అప్పుడు బాధ అనేది తెలియడం లేదు. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తే చెంప ఉన్నట్టే ఉంటుంది, గిల్లినా తెలియదు కదా, అట్లా ఉండేదాన్ని. కూరలో ఉప్పు ఎక్కువైందని మా అమ్మాయి చెప్తే గాని తెలిసేది కాదు. మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కేదాన్ని, మారాల్సిన చోట మారేదాన్ని, సాకేత్‌లో దిగేదాన్ని. మధ్యలో ఏం జరిగిందని అడిగితే ఒక్క ముక్క చెప్పలేను. ఏడవడం లేదని చుట్టాలు ధైర్యవంతురాలన్నారు. ధైర్యమూ లేదు, ఏమీ లేదు.

వీసా ఆఫీసులో అపాయింట్‌మెంటు శుక్రవారం ఉదయానికి దొరికింది. అది తప్పితే తరవాతి ఖాళీ మూడు వారాలకు, అంటే ప్రయాణం తేదీ దాటాక. అందుకని గురువారం మధ్యాహ్నం ఫైలు పట్టుకుని నాలుగో అంతస్తుకు వెళ్ళాను. ఆయన ఏజెన్సీ మనిషి కాబట్టి అయిదింటికల్లా సంచి సర్దుకుని వెళ్ళిపోతాడు. ఆలోపు అన్నీ తేలాలి.

కవరింగ్ లెటర్ రాయడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. రెండేళ్ళ కిందట ఇదే ఊరికి, ఇదే పనికి వెళ్ళొచ్చాను. ఆ ఉత్తరం లాప్‌టాప్‌లో ఉంది. తేదీలు మార్చాను, యంత్రం పేరు మార్చాను, సేవ్ చేశాను. ఆఫీసుల్లో అందరం చేసే పనే. అప్లికేషన్ ఫారం కూడా ట్రావెల్ వాళ్ళ దగ్గరున్న నా పాత వివరాలతో నిండిపోయి వచ్చింది. సంతకం ఒకటే మిగిలింది.

ఆయన హిందీలోనే మాట్లాడాడు. గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

మొదటి వాక్యం చదివాడు: సోమవారం నుంచి శుక్రవారం వరకు అయిదు రోజుల పని మీద వెళ్ళి, శుక్రవారం తిరిగి వస్తాను. నేను ఆహ్వాన పత్రం మీద వేలు పెట్టాను. సోమవారం నుంచి శుక్రవారం, స్పష్టంగా ఉంది.

"అది పని రోజులు మేడమ్. ప్రయాణం రోజులు చూపించండి."

టికెట్టు మీద వేలు పెట్టాను. ఆదివారం బయల్దేరడం, శుక్రవారం రాత్రి అక్కడ విమానం ఎక్కడం, శనివారం ఉదయం ఢిల్లీలో దిగడం.

"ఉత్తరంలో శుక్రవారం వచ్చేశారు, టికెట్టులో శనివారం వచ్చారు. హోటల్ ఆదివారం రాత్రి నుంచి ఉంది. ఇన్సూరెన్స్ సోమవారం నుంచి మొదలైంది. ఆదివారం రాత్రి మీకు అక్కడ ఏమైనా అయితే ఎవరు చూస్తారు?"

ఇతరుల రిపోర్టుల్లో ఇలాంటివి నేను ఎర్ర ఇంకుతో చుట్టేదాన్ని. నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. రాసుకున్నాను: ఆదివారం బయలుదేరి, అయిదు రాత్రులు ఉండి, శుక్రవారం రాత్రి ఆ దేశం విడిచి, శనివారం ఉదయానికి ఇల్లు. ఇన్సూరెన్స్ ఆదివారం నుంచి శనివారం దాకా మార్చమని ఆయన ఫోన్‌లోనే చెప్పేశాడు.

రెండో పేరా ఖర్చులది. 'ఈ ప్రయాణపు ఖర్చులన్నీ మా కంపెనీయే భరిస్తుంది. నా దగ్గర కూడా సరిపడా సొమ్ము ఉంది.' రెండేళ్ళ కిందట అది నిజం. నేను మా కంపెనీ ఇచ్చిన లేఖ మీద వేలు పెట్టాను.

"చదవండి," అన్నాడు.

చదివాను. విమాన టికెట్టు, ఇన్సూరెన్స్, రోజువారీ భత్యం కంపెనీవి అని ఉంది. హోటల్ మాట లేదు. ఆయన ఆహ్వాన పత్రం నా ముందుకు జరిపి మూడో పేరా చూపించాడు. బస, అక్కడి రవాణా తామే చూసుకుంటామని జర్మనీ వాళ్ళు రాశారు.

"ఒక్క మంచానికి ముగ్గురు డబ్బు కడుతున్నారు మేడమ్. కంపెనీ కడుతుంది, వాళ్ళు కడుతున్నారు, సరిపోకపోతే మీరూ ఉన్నారు. అబద్ధమని కాదు. అక్కడ చదివే ఆఫీసరుకి ఎవరు దేనికి కడుతున్నారో తెలియదు, తెలియకపోతే వాళ్ళు ఇంకో ప్రశ్న అడగరు. ఫైలు పక్కన పెడతారు."

దాన్ని రెండు వాక్యాలుగా విడగొట్టించాడు. టికెట్టు, ఇన్సూరెన్స్, భత్యం మా కంపెనీ. బస, అక్కడ తిరిగే ఖర్చు ఆహ్వానించినవాళ్ళు. ఫారంలో ఖర్చు ఎవరిదన్న చోట కూడా అదే. ఒక్కో మాటకు ఒక్కో కాగితం మీద వేలు పెట్టించి, టిక్కు వేశాడు. నా సొంత డబ్బు మాట ఉంచవచ్చుగాని, బ్యాంకు కాగితం చూశాకే దానికి టిక్కు అన్నాడు.

మూడో పేరా నేను ఎందుకు తిరిగొస్తానన్నది. పద్నాలుగేళ్ళ ఉద్యోగం, జీతం స్లిప్పుల మీద వేలు, టిక్కు. స్కూల్లో చదువుతున్న కూతురు, స్కూలు వాళ్ళిచ్చిన సర్టిఫికెట్ మీద వేలు, టిక్కు. తరవాతి వాక్యం ఆయన అదే గొంతుతో చదివాడు.

'నేను లేనప్పుడు మా అమ్మాయిని నా భర్త చూసుకుంటారు.'

ఆ వాక్యం అక్కడ ఉందని నాకు తెలుసా అని తరవాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. తెలుసు. తేదీలు మార్చేటప్పుడు నా కళ్ళు దాని మీదుగా వెళ్ళాయి. ఆగలేదు, అంతే.

"కాగితం?" అన్నాడు.

నేను పాస్‌పోర్టు తీసుకుని, ఆఖరి పేజీ తిప్పాను. అక్కడ తండ్రి పేరు, తల్లి పేరు, వాటి కింద భర్త పేరు ఉంటాయి. ఆ పేరు మీద వేలు పెట్టాను.

ఆయన వంగి చూశాడు. ఫారంలో వివాహిత అన్న గడి చూశాడు. రెండూ కలిశాయి. రెండు చోట్లా టిక్కు వేశాడు.

ఆ టిక్కు పడగానే నాకు ఊరట కలిగింది. రాయడానికి కూడా ఎలాగో ఉంది గాని, నిజంగా ఊరటే. అయిదు నెలల్లో నాకు ఏదైనా తెలిసిందంటే అదొక్కటే. ఉత్తరం వివాహిత అంటోంది, ఫారం అంటోంది, పాస్‌పోర్టు అంటోంది. మూడు కాగితాలు ఒక మాట మీద నిలబడ్డాయి. నేనెందుకు కాదనాలి?

ఆఖరున బ్యాంకు స్టేట్‌మెంట్. పెన్సిలు మొనతో వరసలు దిగుతూ వచ్చాడు. జీతం, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, జీతం. ఒక చోట ఆగాడు.

"ఇది ఒక్కసారే వచ్చింది. మీ ఏడాది జీతం కంటే ఎక్కువ." పెన్సిలు అక్కడే ఉంచాడు. "చూసేవాళ్ళ కళ్ళు ముందు ఇక్కడికే వస్తాయి. వీసా కోసం ఎవరి దగ్గరో తెచ్చి వేశారనుకుంటారు. చాలామంది చేస్తారు కూడా. ఖాతాలో డబ్బు కనిపిస్తే బలమనుకుంటారు, ఎక్కడిదో చెప్పకపోతే అదే బరువు." పక్కన బ్యాంకు అచ్చువేసిన పొట్టి అక్షరాలు కళ్ళు చికిలించి చదివాడు. బీమా సంస్థ పేరు సగంలో తెగిపోయి, క్లెయిమ్ అన్న మాట మాత్రం మిగిలింది. "అచ్ఛా, ఇన్సూరెన్స్. పాలసీ మెచ్యూర్ అయిందా మేడమ్?"

నన్ను ఇరికించాలని ఆయన అడగలేదు. తప్పుకునే దారి చూపించాడు, అంతే. అవును అంటే సరిపోయేది. 'పాలసీ గడువు పూర్తయినందున వచ్చిన సొమ్ము' అని ఒక వాక్యం రాసేవాడు.

కాని దాని కింద కాగితం అడుగుతాడు. ఆ కాగితం నా ఫోన్‌లోనే ఉంది. మా మరిది అన్నీ నింపి, ఇక్కడ, ఇక్కడ అని చూపిస్తే నేను సంతకాలు పెట్టిన క్లెయిమ్. డబ్బు పడిన రోజు ఫోన్ మోగింది, చూసి, మళ్ళీ బ్యాగులో పెట్టుకున్నాను. ఆ సంగతి అంతటితో మర్చిపోయాను.

"కాదు," అన్నాను. స్టేట్‌మెంట్ కేసి చూస్తూ, "మేరే హస్బెండ్ నహీ రహే," అన్నాను.

ఆయన లేరు అని ఆ అయిదు నెలల్లో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరమే రాలేదు. మా ఊరికి మరిది ఫోన్ చేశాడు, ఆఫీసుకు బాసు మెయిల్ పంపాడు, స్కూలుకు కింది ఇంటి ఆంటీ వెళ్ళింది. నా నోటితో నేను మొదటిసారి అన్నది నాది కాని భాషలో, ప్రింటరు పక్కన, ఒక డబ్బు పద్దుకి వివరణగా.

ఆయన ముఖంలో ఏం మారిందో చెప్పలేను, నేను చూడలేదు. ధైర్యంగా ఉండండి అనలేదు. అందుకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. డ్రాయరు లోంచి రబ్బరు తీసి, భర్త చూసుకుంటారన్న వాక్యం పక్కన టిక్కును నెమ్మదిగా చెరిపాడు. ఫారం మీద వివాహిత గడి పక్కనున్నదీ చెరిపాడు. చెత్త ఊదేశాడు.

"నేను పాస్ చేసేసేవాణ్ణి," అన్నాడు. "కాగితాలన్నీ కలిశాయి కదా. రేపు కౌంటర్‌లో ఇచ్చేసేవారు. ఫారంలో వివాహిత, బ్యాంకులో భర్త పోయిన డబ్బు. అప్పుడు వాళ్ళు మీ హోటల్‌నీ నమ్మరు, మీ కంపెనీనీ నమ్మరు." రబ్బరు డ్రాయరులో పెట్టేసి, "డెత్ సర్టిఫికెట్ కాపీ ఉందా?" అన్నాడు.

"ఫోన్‌లో ఉంది."

"పర్వాలేదు, ప్రింటరు పక్కనే ఉంది." ఫారం కొత్తగా తెరిచాడు. విడో అన్న గడి నొక్కాడు. చిన్న చప్పుడు వచ్చింది, మిగతా గడులకు వచ్చిన చప్పుడే. "ఇప్పుడు ఈ వాక్యం. ఆ అయిదు రోజులు బేటీ ఎవరి దగ్గర ఉంటుంది?"

ఉత్తరంలో ఆ వాక్యం మళ్ళీ చదివాను.

నాకు తెలియదు. ప్రయాణానికి నెల నుంచి తయారవుతున్నాను. యంత్రానికి చేయాల్సిన నలభై పరీక్షల పట్టిక వేశాను. అక్కడి గోడలకు సరిపోయే ప్లగ్గు కొన్నాను. చలికి మేజోళ్ళు కొన్నాను. పన్నెండేళ్ళ పిల్ల ఆరు రాత్రులు ఎవరి దగ్గర పడుకుంటుందో ఆలోచించలేదు. ఆలోచించలేదన్న సంగతి కూడా తెలియలేదు. ఆ పని రెండేళ్ళ కిందటే అయిపోయింది, ఉత్తరంలో రాసి ఉంది. నేను నా కూతుర్ని, లేని మనిషికి అప్పగించి విమానం ఎక్కబోయాను.

బల్ల అంచు పట్టుకున్నాను. భయం వేసింది. యంత్రం కోసం కాదు, ఉద్యోగం కోసం కాదు. నా మీద నాకే భయం వేసింది.

"వీసాకి ఈ వాక్యం అక్కర్లేదు మేడమ్," అన్నాడాయన. "స్కూలు సర్టిఫికెట్ చాలు. కొట్టేద్దాం."

"ఒక్క ఫోన్ చేసుకుంటాను."

"చేసుకోండి. నేను చాయ్ తాగొస్తాను. నాలుగింటి లోపల చెప్పండి."

స్కూలు బస్సు దిగి ఇంటికి వచ్చే వేళే. మా అమ్మాయికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. వాళ్ళ నాన్నతో అయితే అప్పుడప్పుడు తెలుగులో మాట్లాడేది. ఆయన గోదావరి యాసను వెక్కిరించడానికి.

"అన్నం తిన్నావా?"

"హా."

"అమ్మలూ, నేను ఊరెళ్తాను కదా వచ్చే నెల. నువ్వు ఎక్కడుంటావే?" అడుగుతూంటేనే నా గొంతు నాకు పరాయిదిలా వినిపించింది. ఏ తల్లీ కూతుర్ని అడగకూడని ప్రశ్న.

"నీచే వాలీ ఆంటీ కే పాస్," అంది, నీళ్ళు తాగుతూ. కింది ఇంటి ఆంటీ దగ్గర.

"ఆంటీని అడగాలి కదా."

"మైనే పూఛ్ లియా, మమ్మా."

"ఎప్పుడడిగావు?"

"నువ్వు వెళ్తున్నానని చెప్పావు కదా, ఆ రోజే," అంది హిందీలో. "ఆంటీ సరే అంది. వాళ్ళ చిన్న గదిలో పడుకుంటాను."

"నాకు చెప్పలేదేంటి?"

అవతల గ్లాసు బల్ల మీద పెట్టింది.

"బతాయా థా. దో బార్. తుమ్ 'ఊఁ' బోలీ థీ."

చెప్పానంది. రెండుసార్లు. నేను ఊఁ అన్నానంది. కోపం లేదు ఆ గొంతులో, ఫిర్యాదు లేదు. ఎండగా ఉంది, బస్సు లేటు అని చెప్పినట్టు చెప్పింది. కోపం తెచ్చుకుంటే బాగుండేది.

తిరిగి వచ్చి కూర్చుని రెండు వాక్యాలు టైపు చేశాను. మొదటిది: ఫలానా పద్దు, నా భర్త మరణానంతరం వచ్చిన జీవిత బీమా సొమ్ము, బీమా సంస్థ లేఖ, మరణ ధ్రువపత్రం జతచేశాను. రెండోది: నేను లేని రోజుల్లో మా అమ్మాయి మా కింది అంతస్తు వారింట్లో ఉంటుంది.

ఆయన మళ్ళీ మొదటి నుంచీ చదివాడు. నేను మళ్ళీ మొదటి నుంచీ వేలు పెట్టాను. టికెట్టు, కంపెనీ లేఖ, ఆహ్వానం. బీమా వాక్యం వచ్చినప్పుడు ప్రింటరు నుంచి అప్పుడే వచ్చిన మరణ ధ్రువపత్రం మీద వేలు పెట్టాను. దాన్ని సరిగ్గా చూడడం అదే మొదలు. కాగితం ఇంకా వెచ్చగా ఉంది. పేరు, వయసు, మయూర్ విహార్ చిరునామా, తేదీ. వేలు తీయడం మర్చిపోయానేమో, ఆయన టిక్కు వేసి కూడా కాసేపు ఆగాడు.

రెండో వాక్యం దగ్గర "కాగితం?" అన్నాడు, అలవాటుగా.

"లేదు. ఉంచకూడదా?"

ఆలోచించాడు. "వాక్యం నిజమేనా?"

"నిజమే."

"నిజమైనా కాగితం లేదు మేడమ్. నాకు అందరికీ ఒకటే లెక్క." పెన్సిల్‌తో ఒక గీత గీశాడు. తీసేసి ప్రింటు ఇచ్చాను. సంతకం పెట్టాను. అయిదుకు పది నిమిషాలు ఉండగా ఆయన సంచి సర్దుకుంటూ, "రేపు అడిగితే అన్నిటికీ జవాబు ఉంది మీ దగ్గర. భయపడకండి," అన్నాడు.

మర్నాడు కౌంటర్‌లో అమ్మాయి ఫైలు తిరగేసి, వేలిముద్రలు తీసుకుని, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా రశీదు ఇచ్చింది. వీసా సమయానికే వచ్చింది. యంత్రంలో మూడు తప్పులు పట్టాను, సరిచేశాకే సంతకం పెట్టాను. ఇప్పుడది మా ఫ్యాక్టరీలో తిరుగుతోంది. బాసు నన్ను మినహాయించడం మానేసి, మళ్ళీ విసుక్కోవడం మొదలుపెట్టాడు. ఇవన్నీ జరిగాయి గాని, నేను చెప్పదలచుకున్నది ఆ గురువారం సాయంత్రం గురించి.

ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మాయి సోఫాలో హోంవర్కు చేసుకుంటోంది. నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. ఫ్రిజ్ తలుపు మీద గ్యాస్ ఏజెన్సీ వాళ్ళ మాగ్నెట్ కింద ఒక నోట్‌బుక్ కాగితం ఉంది. అది అక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉందో నాకు తెలియదు. అంచులు కొంచెం వంకరపోయి, మూల మీద నూనె మరక పడి ఉంది. రోజుకు ఇరవైసార్లు ఆ తలుపు తీసేదాన్ని నేను.

స్కేలుతో గీతలు గీసి పట్టిక వేసింది, నేను ఆఫీసు పరీక్షలకు వేసినట్టే. రోజు, స్కూలు, అన్నం, పడక, తాళం ఎవరి దగ్గర. ఆదివారం నుంచి మొదలైంది. ప్రతి వరసలోనూ పడక కింద 'ఆంటీ' అని ఉంది. కింద ఆంటీ సంతకం కూడా ఉంది, తేదీతో సహా. శుక్రవారం దగ్గర ఆగలేదు. శనివారం గడిలో హిందీలో 'మమ్మా, పొద్దున్నే' అని రాసింది. నేను నా ఉత్తరంలో తప్పు రాసిన రోజు అది. పిల్ల తప్పు రాయలేదు.

ఆఖరి వరస అన్ని రోజులకూ కలిపి ఉంది. 'రాత్రి ఎనిమిదికి మమ్మాకు ఫోన్. ఊఁ అంటే, మళ్ళీ చెప్పాలి.'

నేను మొదటి గడి మీద వేలు పెట్టాను. ఆదివారం. పైకి చదివాను. సోమవారం, మంగళవారం. గురువారం దాకా చదవగలిగాను. ఆ తరవాత అక్షరాలు కనిపించలేదు, ఫ్రిజ్‌కి ఆనుకుని కింద కూర్చున్నాను. అయిదు నెలల తరవాత వచ్చిన ఏడుపు కాబట్టి దానికి చప్పుడు ఎక్కువే ఉండి ఉంటుంది. మా అమ్మాయి పెన్ను పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"క్యా హువా మమ్మా?"

"ఏం లేదమ్మా. మళ్ళీ చెప్పు," అన్నాను. "ఆంటీ ఏమంది, మొదటి నుంచి చెప్పు. వింటున్నాను."

పక్కన కూర్చుని, మొదటి నుంచి చెప్పింది.